షేరు ధర వేరు, కంపెనీ పరిమాణం వేరు

2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది. పండక్కి మూడు రోజుల ముందు, 28వ తేదీ సోమవారం, స్టాక్ మార్కెట్ తెరుచుకునే సరికి రెండు పెద్ద కంపెనీల షేర్ల ధరలు తలకిందులైనట్టు కనిపించాయి. మన హైదరాబాదు మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ షేరు అంతకుముందు శుక్రవారం ఆరున్నర వేల రూపాయల చుట్టుపక్కల ఉంది. సోమవారం పదమూడు వందల చుట్టుపక్కల ఉంది. రిలయన్స్ ఇండస్ట్రీస్ షేరు శుక్రవారం 2,655 రూపాయల దగ్గర ముగిసింది. సోమవారం దాదాపు అందులో సగం ధరకు మొదలైంది. ఆ మర్నాడు, అంటే 29న, అంతవరకు ఎవరూ పెద్దగా విననే వినని ఒక కంపెనీ షేరు మూడున్నర రూపాయల నుంచి రెండు లక్షల ముప్పై ఆరు వేల రూపాయలకు ఎగిరింది.

ఈ మూడూ నిజంగా జరిగినవే. ఆ రెండు రోజుల్లో డాక్టర్ రెడ్డీస్ చిన్నదీ కాలేదు, రిలయన్స్ సగమూ కాలేదు. ఆ మూడో కంపెనీ పెద్ద కంపెనీల జాబితాలోకీ ఎక్కలేదు. ఎందుకో తెలిస్తే మనం రోజూ వినే లార్జ్ క్యాప్, మిడ్ క్యాప్, స్మాల్ క్యాప్ అనే మూడు మాటలకు అర్థం దానంతటదే తెలిసిపోతుంది. ఇవాళ ఆ లెక్కే చేద్దాం. దగ్గర్లో కాగితం, కలం ఉంటే తీసుకోండి.

ముందు డాక్టర్ రెడ్డీస్ సంగతి. ఆ కంపెనీ తన షేర్లను విభజించింది. మార్కెట్లో దీన్ని స్ప్లిట్ అంటారు. అంతకుముందు ఒక్కో షేరు ముఖ విలువ 5 రూపాయలు. దాన్ని ఒక రూపాయి చేసి, పాత షేరు ఒక్కటి ఉన్నవాళ్లకు కొత్త షేర్లు ఐదు ఇచ్చారు. దానికి రికార్డు తేదీ అక్టోబరు 28. ఐదు వందల నోటు ఇచ్చి ఐదు వంద నోట్లు తీసుకుంటే మన జేబులో సొమ్ము పెరగదు, తగ్గదు. ఇదీ అంతే.

అంకెల్లో చూద్దాం. విభజనకు ముందు కంపెనీకి మొత్తం 16 కోట్ల 69 లక్షల షేర్లు ఉన్నాయి. ఒక్కోటి ఆరున్నర వేలు అనుకుంటే, రెండూ గుణిస్తే దాదాపు లక్షా 8 వేల కోట్ల రూపాయలు. విభజన తర్వాత షేర్లు 83 కోట్ల 45 లక్షలయ్యాయి. ఒక్కోటి పదమూడు వందలు. గుణించి చూడండి, మళ్లీ అదే లక్షా 8 వేల కోట్లు. ఈ గుణకారానికే మార్కెట్ క్యాపిటలైజేషన్ అని పేరు. వాడుకలో మార్కెట్ క్యాప్ అంటాం. మార్కెట్ విలువ అన్నా సరిపోతుంది. షేరు ధరను షేర్ల సంఖ్యతో గుణించడమే, అంతకు మించి అందులో ఏమీ లేదు.

ధర ఎక్కడైనా దొరుకుతుంది. టీవీలో కింద పరిగెత్తే పట్టీలో ఉంటుంది, ఫోనులో ఉంటుంది, పేపరులో ఉంటుంది. షేర్ల సంఖ్య మాత్రం ఎవరూ చదివి వినిపించరు. మన పొరపాట్లన్నీ అక్కడే పుడతాయి. నిజానికి దాన్ని కనుక్కోవడం తేలికే. కంపెనీ వార్షిక నివేదికలో బ్యాలెన్స్ షీట్ తెరవండి. ఈక్విటీ షేరు మూలధనం అని ఒక వరుస ఉంటుంది. ఆ మొత్తాన్ని షేరు ముఖ విలువతో భాగిస్తే షేర్ల సంఖ్య వస్తుంది. డాక్టర్ రెడ్డీస్ మూలధనం దాదాపు 83 కోట్ల 45 లక్షల రూపాయలు. ముఖ విలువ 5 రూపాయలున్నప్పుడు ఐదుతో భాగిస్తే 16 కోట్ల 69 లక్షలు. ముఖ విలువ రూపాయి అయ్యాక ఒకటితో భాగిస్తే 83 కోట్ల 45 లక్షలు. మూలధనంలో నయాపైసా మారలేదని, మారింది ముక్కల లెక్కేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ముఖ విలువకూ మార్కెట్ ధరకూ సంబంధం లేదు. ముఖ విలువ పుస్తకాల్లో రాసుకునే అంకె. దాన్ని షేరు అసలు ధర అనుకుని, పది రూపాయల షేరును వెయ్యి రూపాయలకు అమ్ముతున్నారని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనకు ముఖ విలువతో పనల్లా షేర్లు లెక్కపెట్టుకోవడానికే.

రిలయన్స్ చేసింది స్ప్లిట్ కాదు, బోనస్. ఒక షేరు ఉన్నవాళ్లకు ఇంకో షేరు ఉచితంగా ఇచ్చింది. దాని రికార్డు తేదీ కూడా అక్టోబరు 28. 676 కోట్ల పైచిలుకు ఉన్న షేర్లు 1,353 కోట్లయ్యాయి. ధర సగమైంది. ముందూ తర్వాతా మార్కెట్ విలువ 18 లక్షల కోట్లకు కాస్త అటూ ఇటూగానే ఉంది. స్ప్లిట్‌కీ బోనస్‌కీ తేడా పుస్తకాల్లో కనిపిస్తుంది. స్ప్లిట్‌లో ముఖ విలువ తగ్గుతుంది, మూలధనం అలాగే ఉంటుంది. బోనస్‌లో ముఖ విలువ అలాగే ఉంటుంది, కంపెనీ తన నిల్వల్లోంచి కొంత సొమ్మును మూలధనం పద్దులోకి మారుస్తుంది. రిలయన్స్ మూలధనం 6,766 కోట్ల నుంచి రెట్టింపయింది. కంపెనీ గల్లాపెట్టెలోకి మాత్రం కొత్తగా ఒక్క రూపాయి రాలేదు, అందులోంచి పోలేదు.

ఇలాంటి రోజున ఇంట్లో కంగారు ఎలా పుడుతుందంటే, ధర పొద్దున్నే తగ్గిపోతుంది. కొత్త షేర్లు డీమ్యాట్ ఖాతాలో పడడానికి కొద్ది రోజులు పట్టవచ్చు. ఆ మధ్యలో యాప్ తెరిస్తే పాత షేర్ల సంఖ్య, కొత్త ధర కనిపిస్తాయి. లక్ష రూపాయలు ఇరవై వేలైనట్టు చూపిస్తుంది. ఆ భయంలో అమ్మేసుకోకూడదు. కొన్ని వెబ్‌సైట్లలో కూడా ఒకటి రెండు రోజులు ఇదే తప్పు కనిపించవచ్చు. ధర కొత్తదీ, షేర్ల సంఖ్య పాతదీ ఉంటే మార్కెట్ విలువ ఒక్క రాత్రిలో కూలిపోయినట్టుంటుంది. ఏ వార్తా లేకుండా ఒక కంపెనీ విలువ కచ్చితంగా సగమో, ఐదో వంతో, పదో వంతో అయిందంటే, ముందు చూడాల్సింది స్ప్లిట్ గానీ బోనస్ గానీ ఉందా అని. నిజమైన నష్టం అంత గుండు లెక్కలో రాదు.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. షేరు ధర ఎక్కువైతే పెద్ద కంపెనీ, తక్కువైతే చిన్న కంపెనీ అని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. పది రూపాయల షేరును చవక షేరు అంటాం. లక్ష రూపాయల షేరును చూసి అమ్మో అంటాం. ఈ నమ్మకం ఎంత తప్పో మూడు కంపెనీలతో చూద్దాం.

మొదటిది టైర్ల కంపెనీ ఎం.ఆర్.ఎఫ్. 2023 జూన్ 13న ఆ షేరు లక్ష రూపాయలు దాటింది. మన దేశంలో లక్ష దాటిన మొదటి షేరని ఆ రోజు పేపర్లన్నీ రాశాయి. కానీ ఆ కంపెనీకి ఉన్న షేర్లెన్ని? 42 లక్షల 41 వేల 143. కోట్లు కాదు, లక్షలే. ముఖ విలువ 10 రూపాయలు, మూలధనం 4 కోట్ల 24 లక్షలు. చాలా కంపెనీలు బోనస్‌లు, స్ప్లిట్‌లు ఇచ్చి షేర్లు పెంచుకుంటూ పోయాయి. ఈ కంపెనీ దశాబ్దాలుగా ఆ పని చేయలేదు. అందుకే ఒక్కో ముక్క అంత పెద్దదిగా మిగిలింది. లక్షతో గుణిస్తే మార్కెట్ విలువ 42 వేల 400 కోట్లు. పెద్ద మొత్తమే. అయినా అప్పటి వరుసలో అది లార్జ్ క్యాప్ కాదు, మిడ్ క్యాప్.

రెండోది వొడాఫోన్ ఐడియా. 2025 ఏప్రిల్‌లో ఆ షేరు ఏడు రూపాయల దగ్గర ఉంది. టీ తాగే డబ్బులతో ఒక షేరు వచ్చేది. ఆ కంపెనీకి అప్పుడున్న షేర్లు 10,834 కోట్లు. ఏడుతో గుణించండి. 75 వేల 800 కోట్లు వస్తుంది. లక్ష రూపాయల షేరున్న కంపెనీ కంటే ఏడు రూపాయల షేరున్న కంపెనీ పెద్దదిగా తేలింది. అంటే మార్కెట్ విలువలో పెద్దది. లాభాల్లో పెద్దదని నేననడం లేదు. ఆ తేడా కూడా గుర్తుంచుకోవాలి.

మూడోది, మొదట్లో చెప్పిన ఆ పేరు వినని కంపెనీ. దాని పేరు ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్. దీని కథ కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. మార్కెట్ విలువ అనే అంకెకున్న బలహీనత ఇందులో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఎల్సిడ్ వస్తువులు తయారుచేసే కంపెనీ కాదు. ఏషియన్ పెయింట్స్ ప్రమోటర్ల పెట్టుబడి కంపెనీ. ఏషియన్ పెయింట్స్‌లో దాదాపు మూడు శాతం వాటా దీని చేతిలో ఉంది. 2024 అక్టోబరు నాటి ధరల్లో ఆ వాటా ఒక్కటే ఎనిమిది వేల కోట్ల రూపాయల చుట్టుపక్కల చేస్తుంది. ఎల్సిడ్‌కు ఉన్న షేర్లు రెండు లక్షలు. మరి మార్కెట్లో షేరు ధర? 3 రూపాయల 53 పైసలు. ఏళ్ల తరబడి ఆ చుట్టుపక్కలే ఆగిపోయింది. మన సూత్రం ప్రకారం గుణిస్తే కంపెనీ మార్కెట్ విలువ 7 లక్షల 6 వేల రూపాయలు. ఒక కారు ధర. ఎనిమిది వేల కోట్ల ఆస్తి ఉన్న కంపెనీకి!

ఎవరూ కొనలేదా అంటే, కొనేవాళ్లు బోలెడుమంది, అమ్మేవాళ్లే లేరు. ఆ ధరకు ఎవరు అమ్ముతారు? పైగా రోజుకు ఇంత శాతానికి మించి ధర కదలకూడదన్న హద్దు ఉంటుంది. మూడున్నర రూపాయల నుంచి ఆ హద్దుల్లో కదిలి న్యాయమైన ధరకు చేరేది ఎప్పటికి? ఇలాంటి పెట్టుబడి కంపెనీల ధరలు వాటి ఆస్తులతో పోలిస్తే బొత్తిగా తక్కువలో చిక్కుకుపోయాయని గమనించి, సెబీ 2024 జూన్‌లో ఒక ఏర్పాటు చేసింది. ధరకు హద్దు లేకుండా ఒక ప్రత్యేక వేలం జరపాలని ఎక్స్ఛేంజీలకు చెప్పింది. ఆ వేలం జరిగిన రోజే అక్టోబరు 29. షేరు 2 లక్షల 36 వేల 250 రూపాయల దగ్గర ముగిసింది. రెండు లక్షల షేర్లతో గుణిస్తే 4,725 కోట్లు. ముందురోజు ఏడు లక్షలు, మర్నాడు 4,725 కోట్లు. కంపెనీలో మాత్రం కొత్తగా జరిగిందేమీ లేదు. దాని ఆస్తి నిన్న ఎంతో ఇవాళా అంతే.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుసుకోవాలి. ఒకటి, అప్పటికి దేశంలోకెల్లా అత్యంత ఖరీదైన షేరు అని పేరొచ్చినా, 4,725 కోట్లతో ఎల్సిడ్ స్మాల్ క్యాప్ కంపెనీయే. రెండోది ఇంకా ముఖ్యమైనది. మార్కెట్ విలువ లెక్కలో వాడే ధర చివరిసారి చేతులు మారిన షేరు ధర. చేతులు మారేవి కొన్నే. మిగిలిన షేర్లన్నీ కదలకుండా ఉన్నా, వాటన్నిటికీ ఆ ధరే కట్టి మొత్తం వేస్తాం. రోజూ లక్షల షేర్లు మారే రిలయన్స్ లాంటి కంపెనీకి ఈ పద్ధతిలో పెద్ద తేడా రాదు. రోజుకు కొన్ని వందల షేర్లు కూడా మారని చిన్న కంపెనీలో మాత్రం ఈ అంకెను అలా నమ్మలేం. నలుగురు కూడబలుక్కుని కాసిని షేర్లు ఎక్కువ ధరకు తమలో తామే కొనుక్కుంటే చాలు, మార్కెట్ విలువ వందల కోట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకని స్మాల్ క్యాప్ కంపెనీ విలువ చూసేటప్పుడు దాని పక్కనే ఆ రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయో కూడా చూడాలి. ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో ఆ రెండు అంకెలూ ఒకే పేజీలో ఉంటాయి.

ఇక షేర్ల సంఖ్య వైపు నుంచి వచ్చే మోసం, కాదు, మోసం అనడం తప్పు, పొరపాటు. వొడాఫోన్ ఐడియా దగ్గరికే మళ్లీ వెళ్దాం. ఆ కంపెనీ ప్రభుత్వానికి స్పెక్ట్రమ్ బకాయిలు భారీగా పడింది. అందులో 36,950 కోట్ల బకాయికి బదులుగా ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో షేర్లు తీసుకుంది. షేరుకు పది రూపాయల లెక్కన 3,695 కోట్ల కొత్త షేర్లు పుట్టాయి. అంతకుముందు ఉన్నవి 7,139 కోట్లు, ఆ తర్వాత 10,834 కోట్లు. ధర ఏడు రూపాయల దగ్గరే ఉందనుకోండి. పాత లెక్కలో మార్కెట్ విలువ దాదాపు 50 వేల కోట్లు. కొత్త లెక్కలో 75 వేల 800 కోట్లు. కంపెనీ మార్కెట్ విలువ సగానికి సగం పెరిగింది. వెయ్యి షేర్లున్న మామూలు మదుపరికి ఏం దక్కింది? అతని వెయ్యి షేర్ల ధర అప్పుడూ ఏడు వేలే, ఇప్పుడూ ఏడు వేలే. పైగా కంపెనీలో అతని వాటా మూడో వంతు కరిగిపోయింది. బకాయి తగ్గడం కంపెనీకి మేలే, కాదనను. కానీ మార్కెట్ విలువ పెరిగింది కాబట్టి షేరుదారులు లాభపడ్డారనుకుంటే తప్పు. ఇక్కడ పెరుగుదల ధరలోంచి రాలేదు, సంఖ్యలోంచి వచ్చింది. మార్కెట్ విలువ పెరిగిందన్న వార్త విన్నప్పుడల్లా, ఏది పెరిగింది, ధరా సంఖ్యా అని అడగాలి.

ఇప్పుడు ముద్రల సంగతి. ఏ కంపెనీని లార్జ్ అనాలి, దేన్ని మిడ్ అనాలి అన్నదానికి 2017 దాకా మన దేశంలో ఒక్క కొలత లేదు. ఒక్కో మ్యూచువల్ ఫండ్ సంస్థ ఒక్కోలా చెప్పుకునేది. ఒకరు లార్జ్ అన్న కంపెనీని ఇంకొకరు మిడ్ అనేవారు. ఫండ్ పేరు చూసి డబ్బు పెట్టేవాళ్లకు లోపల ఏముందో తెలిసేది కాదు. 2017 అక్టోబరు 6న సెబీ ఒక సర్క్యులర్‌తో దీనికి ముగింపు పలికింది. మార్కెట్ విలువ ప్రకారం కంపెనీలన్నిటినీ పెద్ద నుంచి చిన్నకు వరుసలో నిలబెట్టాలి. మొదటి వంద లార్జ్ క్యాప్. నూట ఒకటి నుంచి రెండు వందల యాభై దాకా మిడ్ క్యాప్. రెండు వందల యాభై ఒకటి నుంచి ఆఖరు దాకా స్మాల్ క్యాప్. మ్యూచువల్ ఫండ్ల సంఘం యాంఫీ ఈ జాబితాను ఏడాదికి రెండుసార్లు, జూన్ ఆఖరుకూ డిసెంబరు ఆఖరుకూ తయారుచేస్తుంది. ఒక్క రోజు ధర చూడరు. ఆరు నెలల సగటు మార్కెట్ విలువ తీసుకుంటారు. ఒక రోజు ఎగిరి మర్నాడు పడిపోయిన షేరు వల్ల వరుస తారుమారు కాకూడదని ఆ ఏర్పాటు.

ఈ నిబంధనలో ఎక్కడా ఇన్ని కోట్లు అన్న మాట లేదని గమనించారా? ఉన్నది స్థానం మాత్రమే. నా దృష్టిలో ఈ విషయమంతటిలోకీ మదుపరులు అన్నిటికంటే తక్కువ పట్టించుకున్నది ఇదే. అమెరికాలో ఉన్న మనవాళ్లు వెయ్యి కోట్ల డాలర్లు దాటితే లార్జ్ క్యాప్ అంటుంటారు. అక్కడ డాలర్లలో ఒక ఉజ్జాయింపు గీత వాడుకలో ఉంది, అదీ అందరూ ఒప్పుకున్న నిబంధనేమీ కాదు. ఇక్కడ గీత రూపాయల్లో లేదు. వందో కంపెనీ ఎక్కడుంటే గీత అక్కడుంటుంది. మార్కెట్ పెరిగితే గీత పైకి జరుగుతుంది, పడితే కిందికి దిగుతుంది.

2017 ఆఖరున వచ్చిన మొదటి జాబితాలో వందో కంపెనీ మార్కెట్ విలువ సుమారు 29 వేల కోట్లు. 2024 ఆఖరుకు వచ్చేసరికి వందో కంపెనీ విలువ సుమారు లక్ష కోట్లు. రెండు వందల యాభయ్యో కంపెనీయే 33 వేల కోట్ల దగ్గరికి చేరింది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 2017లో 30 వేల కోట్ల విలువున్న కంపెనీ ఒకటి ఉందనుకుందాం. అప్పుడది లార్జ్ క్యాప్. ఏడేళ్లపాటు అది పెరగలేదు, తరగలేదు, అదే 30 వేల కోట్ల దగ్గర ఉంది. 2024 ఆఖరుకు అది మిడ్ క్యాప్ కూడా కాదు, స్మాల్ క్యాప్. తను ఏమీ పోగొట్టుకోకుండానే రెండు మెట్లు దిగింది, చుట్టూ ఉన్నవి పెరగడం వల్ల.

కాబట్టి ఒక కంపెనీ మిడ్ క్యాప్ నుంచి స్మాల్ క్యాప్‌కు దిగిందని వార్త వస్తే, దాని వ్యాపారం దెబ్బతిందని అప్పుడే తీర్మానించుకోవద్దు. కొత్తగా ఐదారు పెద్ద కంపెనీలు మార్కెట్లో నమోదైనా సరే, గీత దగ్గరున్నవి వెనక్కి జరుగుతాయి. అలాగే స్మాల్ క్యాప్ అంటే చిన్న కంపెనీ అన్న అర్థం కూడా ఇప్పుడు సరిపోదు. ఈ జాబితా ప్రకారం ముప్పై వేల కోట్ల కంపెనీ, ముప్పై కోట్ల కంపెనీ, రెండూ స్మాల్ క్యాపే. ఒకే పేరు కింద వెయ్యి రెట్ల తేడా ఉన్నవి ఉంటున్నాయి. ఎవరైనా స్మాల్ క్యాప్ షేరు కొనమని చెబితే, ఎన్ని కోట్ల కంపెనీ అని తప్పకుండా అడగండి.

ఇంకొక్క విషయం చెప్పి, ఫండ్ల దగ్గరికి వస్తాను. యాంఫీ లెక్కలో కంపెనీ షేర్లన్నీ పడతాయి, ప్రమోటర్ల చేతిలో ఉన్నవీ, ప్రభుత్వం చేతిలో ఉన్నవీ కలిపి. ఎల్ఐసీని తీసుకోండి. 2022 మే నెలలో పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు ఊరూరా పాలసీదారులు డీమ్యాట్ ఖాతాలు తెరిచి దరఖాస్తు చేశారు. ధర 949 రూపాయలు, పాలసీదారులకు 60 రూపాయల తగ్గింపు. మొత్తం షేర్లు 632 కోట్ల 50 లక్షలు. ఆ ధరకు కంపెనీ విలువ 6 లక్షల కోట్లు. ఆ మాట విని దేశంలోని అతిపెద్ద కంపెనీల్లో ఒకటి మన చేతికొస్తోందనుకున్నాం. కానీ ప్రభుత్వం అమ్మింది మూడున్నర శాతమే, 22 కోట్ల షేర్లు. నిజంగా జనం చేతుల్లో తిరిగే షేర్ల విలువ దాదాపు 21 వేల కోట్లు. దీన్ని ఫ్రీ ఫ్లోట్ విలువ అంటారు. సెన్సెక్స్ 2003 నుంచీ, నిఫ్టీ 2009 నుంచీ కంపెనీలకు బరువులిచ్చేది ఈ ఫ్రీ ఫ్లోట్ లెక్కతోనే. యాంఫీ జాబితా మాత్రం పూర్తి విలువనే చూస్తుంది. అందుకే ఎల్ఐసీ లార్జ్ క్యాప్ అయింది. తిరిగే షేర్లను మాత్రమే లెక్కేసి ఉంటే లార్జ్ క్యాప్ గీతకు చాలా కింద ఉండేది. రెండు లెక్కలూ తప్పు కావు. కంపెనీ ఎంత పెద్దదో చెప్పేది ఒకటి, అందులో మనం కొనగలిగేది ఎంతో చెప్పేది ఇంకొకటి. పేపర్లో మార్కెట్ విలువ అని చదివినప్పుడు అది ఏ లెక్కో చూసుకోవాలి.

సిప్‌లు కడుతున్నవాళ్లకు ఈ ముద్రల అవసరం ఎక్కడంటే, ఫండ్ పేరులో. 2017 నిబంధన ప్రకారం లార్జ్ క్యాప్ ఫండ్ తన సొమ్ములో కనీసం 80 శాతం మొదటి వంద కంపెనీల్లో పెట్టాలి. మిడ్ క్యాప్ ఫండ్ కనీసం 65 శాతం మిడ్ క్యాప్‌లో, స్మాల్ క్యాప్ ఫండ్ కనీసం 65 శాతం స్మాల్ క్యాప్‌లో పెట్టాలి. మిగతా భాగం మేనేజరు ఇష్టం. కాబట్టి స్మాల్ క్యాప్ ఫండ్‌లో మూడో వంతుదాకా పెద్ద కంపెనీలు ఉండవచ్చు, నిబంధన దాన్ని ఒప్పుకుంటుంది. రెండు స్మాల్ క్యాప్ ఫండ్లు పోల్చేటప్పుడు ఈ మిగతా భాగం ఎక్కడుందో చూడకపోతే పోలిక చెల్లదు. ఆరు నెలలకోసారి జాబితా మారినప్పుడు, దానికి తగ్గట్టు సర్దుకోవడానికి ఫండ్లకు ఒక నెల గడువుంటుంది. మీ మిడ్ క్యాప్ ఫండ్‌లోని మంచి కంపెనీ ఒకటి మిడ్ నుంచి లార్జ్‌కు ఎక్కిందని మేనేజరు దాన్ని వెంటనే అమ్మేయనక్కర్లేదు. ఆ 35 శాతం వెసులుబాటులో ఉంచుకోవచ్చు.

అప్పుల మాట కూడా ఒక్క ముక్కలో. మార్కెట్ విలువలో కంపెనీ అప్పులు కనిపించవు. వొడాఫోన్ ఐడియాకు షేర్లుగా మారిన బకాయి పోగా, 2025 ఏప్రిల్‌లో ఇంకా చెల్లించాల్సింది దాని మార్కెట్ విలువను మించి ఉండేది. వరుసలో దాని స్థానం చూసి ఆ సంగతి తెలుసుకోలేం. అందుకు బ్యాలెన్స్ షీట్ తెరవాల్సిందే.

యాంఫీ జాబితా వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. జనవరి మొదట్లో ఒకటి, జులై మొదట్లో ఒకటి వస్తాయి. అందులో ప్రతి కంపెనీ పేరు ఎదురుగా వరుస సంఖ్య, సగటు మార్కెట్ విలువ, ఏ తరగతో ఉంటాయి. మీ ఫండ్ సంస్థ నెలనెలా పంపే ఫ్యాక్ట్ షీట్లో పైన ఉన్న పది కంపెనీల పేర్లు తీసుకుని ఆ జాబితాలో వెతకండి. వందో స్థానం దగ్గరా, రెండు వందల యాభయ్యో స్థానం దగ్గరా ఉన్న పేర్లకు గుర్తు పెట్టుకోండి. వచ్చే జాబితాలో తరగతి మారే అవకాశం వాటికే ఎక్కువ.